తేలింది ముందు, తేలనిది తారీఖుతో

బిడ్డా,

నువ్వు మీ సిబ్బంది కోసం రాసి రాత్రి పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ పెద్దబాపుగా చదివితే ముద్దుగానే ఉంది. రెండోసారి లక్షెట్టిపేట బ్రాంచిలో తొమ్మిదేళ్లుగా క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చునే మనిషిననుకుని చదివాను. అప్పుడు బుగులు పుట్టింది. బ్రాంచి మూతపడుతోందన్న ముచ్చట నాలుగో పేరాలో గానీ దొరకలేదు. అక్కడ కూడా "కార్యకలాపాల ఏకీకరణ" అనే మాట చాటున దాక్కుని ఉంది. దానికి ముందు మూడు పేరాల నిండా మన కుటుంబం, మన ప్రయాణం, కొత్త అవకాశాలు. ఆ మూడు పేరాలు చదివేలోపే ఆ మనిషికి విషయం అర్థమైపోతుంది. ఇంత తీపి ఎందుకు పోస్తున్నారో మీ మూడు చోట్ల ఉన్న పదిహేడు మందిలో ఎవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

చివర్లో "ఎవరూ ఆందోళన చెందాల్సిన అవసరం లేదు" అని రాశావు. ఆ వాక్యం ముందు కొట్టెయ్. పదిహేడు పోస్టులు పద్నాలుగు అవుతాయని పై నుంచి నీకు కాగితం వచ్చింది. అంటే ఆ మాట ముగ్గురి విషయంలో అబద్ధం. మిగిలిన పద్నాలుగు మందికి నిజమే అయినా, తాము ఆ పద్నాలుగులో ఉన్నామో లేదో వాళ్లకు తెల్వదు కాబట్టి ఉపయోగం లేదు. నువ్వు భరోసా ఇద్దామని రాశావు, నాకు తెలుసు. నేనూ ఒకసారి అట్లనే భరోసా ఇచ్చాను. ఆ ముచ్చట నీకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు పని పడింది కాబట్టి చెప్తున్న.

2016 నీకు యాదికుండే ఉంటుంది, అప్పుడు నువ్వు డిగ్రీలో ఉన్నావు. ఉమ్మడి కరీంనగర్‌లో 57 మండలాలు, ఉమ్మడి ఆదిలాబాద్‌లో 52. ఆ ఆగస్టు 22న జిల్లాల విభజన ముసాయిదా నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు ఇచ్చారు. ఆ ముసాయిదాలో కొత్త జిల్లాలు పదిహేడే. సిరిసిల్ల లేదు, ఆసిఫాబాద్ లేదు, జనగామ, గద్వాల లేవు. మా సెక్షన్‌లో పన్నెండు మందిమి. అందరూ ఆ పటం ముందేసుకుని ఎవరు జగిత్యాల పోతారు, ఎవరు పెద్దపల్లి పోతారని లెక్కలేసుకున్నారు. ఒకాయన పెద్దపల్లిలో అద్దె ఇల్లు కూడా చూసొచ్చాడు. అక్టోబర్ మొదటి వారానికి పటం మారింది, ఆ నాలుగూ వచ్చి చేరాయి. అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు, పది జిల్లాల రాష్ట్రం ముప్పై ఒక్క జిల్లాలైంది. మన కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి. హుస్నాబాద్ దిక్కు కొన్ని మండలాలు సిద్దిపేటలో, కమలాపూర్ దిక్కువి వరంగల్‌లో, మహదేవపూర్ దిక్కువి భూపాలపల్లిలో కలిశాయి. ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది. జమ్మి ఆకు పంచుకునే నాడు మనుషులు కొత్త కలెక్టరేట్లలో చేరుతున్నారు.

చేరడానికి ఇచ్చిన కాగితం పేరు "ఆర్డర్ టు సర్వ్". అంటే ఫలానా చోట పని చెయ్యి అని మాత్రమే. నీ క్యాడర్ ఏది, నీ సీనియారిటీ ఎక్కడ, తిరిగి వస్తావా రావా, అవేవీ ఆ కాగితంలో లేవు. ఉండడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే అవి అప్పటికి ఎవరూ తేల్చలేదు. మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్‌కు సిరిసిల్ల పడింది. చిన్నపిల్లాడు ఉన్నాడు, భర్తకు కరీంనగర్‌లోనే దుకాణం. నా దగ్గరికొచ్చి "సార్, ఇల్లు మార్చాల్నా?" అని అడిగింది. నేను సూపరింటెండెంట్‌ను. నాకు తెలిసింది ఆమెకు తెలిసినంతే. అయినా పెద్దమనిషి తీరుగ, "తాత్కాలికమే బిడ్డా, ఆర్నెల్లు ఓపిక పట్టు, ఇల్లు మార్చకు" అన్నాను.

ఆర్నెల్లు కాదు. 2018 ఆగస్టులో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చి జోన్లు మారాయి. వాటి ప్రకారం ఉద్యోగులను పంచే జీవో 317 వచ్చింది 2021 డిసెంబర్ 6న. ఐదేళ్లు దాటింది. ఆ ఐదేళ్లూ ఆమె పొద్దున ఏడింటి బస్సుకు పరుగు, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు. పోను రాను ఎనభై కిలోమీటర్ల దగ్గర. ఎవరైనా మొదటి రోజే "ఎన్నాళ్లో తెల్వదు, ఏండ్లు పట్టొచ్చు" అని ఉంటే సిరిసిల్లలో ఇల్లు తీసుకునేది, పిల్లాడిని అక్కడే బడిలో వేసేది. నా మాట పట్టుకుని ప్రతి ఆర్నెల్లకూ ఇంకో ఆర్నెల్లు చూసింది. రాష్ట్రం ఎట్లా విభజించాలన్నది నా చేతిలో లేదు. "తాత్కాలికం" అన్న మాట మాత్రం నా నోటి నుంచే వచ్చింది.

అందుకే నీ ముసాయిదాలో "బెల్లంపల్లిలో తాత్కాలికంగా వసూళ్ల కేంద్రం మాత్రమే ఉంటుంది" అన్న దగ్గర నా వేలు ఆగింది. ఎప్పటిదాకా? నీకు తారీఖు తెలిస్తే రాయి. తెలియకపోతే "తాత్కాలికంగా" అన్న మాట తీసెయ్. "జనవరి నుంచి బెల్లంపల్లిలో వసూళ్ల కేంద్రం మాత్రమే ఉంటుంది, మళ్లీ పూర్తి బ్రాంచి అవుతుందన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు" అని రాయి. చదవడానికి కటువుగా ఉంటుంది. కానీ బెల్లంపల్లిలో ఉన్న ఐదుగురూ ఆ వాక్యం మీద ఇల్లు, బడి, బండి కిస్తీ నిర్ణయించుకోగలరు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన సంగతులు నేను కాగితం మీద రాసుకున్నాను. రాస్తుంటే అవి వాటంతటవే విడిపోయాయి. కొన్ని తేలినవి: లక్షెట్టిపేట బ్రాంచి డిసెంబర్ 31తో మూత, ఖాతాలన్నీ మంచిర్యాలకు, పోస్టులు పద్నాలుగు, పోయేవి రెండు లోన్ ఆఫీసర్ పోస్టులు, ఒక క్యాషియర్ పోస్టు. డిసెంబర్ జీతం దాకా ఎవరికీ కోత లేదు. కొన్ని తేలనివి, కానీ ఎప్పుడు తేలుతాయో తెలిసినవి: ఆ ముగ్గురు ఎవరన్నది హైదరాబాద్ ఆఫీసు అక్టోబర్ 30కి చెప్తానంది. ఇక మూడో రకం ఉంది, అది అందరూ మర్చిపోతారు. ఎప్పుడు తేలుతుందో కూడా తెలియనివి. లక్షెట్టిపేట నుంచి మంచిర్యాలకు రోజూ తిరిగేవాళ్లకు పెట్రోలు ఖర్చు ఇస్తారా లేదా అని నువ్వు అడిగావు, జవాబు రాలేదు, ఎప్పుడొస్తుందో కూడా వాళ్లు చెప్పలేదు.

ఈ మూడో రకం దగ్గరే మేనేజర్లు జారుతారు. రెండు తీర్లుగా జారుతారు. ఒకరు దాని ఊసే ఎత్తరు, అప్పుడు మనుషులు "పెట్రోలు ముచ్చట ఎందుకు దాచిండు" అని అనుకుంటారు. ఇంకొకరు "చూద్దాం, ఇప్పిస్తాను" అంటారు. మన దిక్కు మనుషులకు ఈ "నేను చూసుకుంటా" అన్న మాట నోట్లోనే ఉంటుంది, అది ఆప్యాయత. కానీ వినేవాడు దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంటాడు. ఇంటికి పోయి భార్యకు "మేడం ఇప్పిస్తనన్నది" అంటాడు. తేలని దాని గురించి నువ్వు చెప్పగలిగింది ఒక్కటే: ఎవరిని అడిగావు, ఎప్పుడు అడిగావు, మళ్లీ ఎప్పుడు అడుగుతావు, ఏ రోజున వాళ్లకు ఆ జవాబు చెప్తావు. జవాబు నీ చేతిలో లేదు. జవాబు రాలేదని చెప్పే తారీఖు మాత్రం నీ చేతిలోనే ఉంది.

ఎవరు పోతారో నీకు తెలియదన్నావు. నమ్ముతాను. అయితే ఎట్లా ఎంచుతారో తెలుసా అని అడిగితే నువ్వు నసిగావు. అది అడగకుండా సోమవారం నోరు విప్పకు. 317 జీవో అప్పుడు నేను చూసింది ఇదే. ఆ కేటాయింపులు సీనియారిటీ లెక్కన జరిగాయి. ఉద్యోగి ఆప్షన్ ఫారం ఇస్తాడు, సీనియారిటీ జాబితా పెడతారు, పై నుంచి కిందికి నింపుకుంటూ వస్తారు. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు, వితంతువులకు, క్యాన్సర్ వంటి జబ్బులున్నవాళ్లకు ముందు వరుస. పుట్టిన ఊరిని లెక్కలోకి తీసుకోలేదని చాలామంది నొచ్చుకున్నారు, భార్యాభర్తలు వేరే జిల్లాల్లో పడ్డారని ధర్నాలు జరిగాయి. డిసెంబర్ మొదట్లో జీవో వచ్చింది, కొత్త సంవత్సరం వచ్చేసరికి చాలామంది చేతుల్లో కాగితాలున్నాయి. ఇన్ని గొడవల్లోనూ ఒక్క సంగతి గమనించాను. జాబితా గోడకు అంటించి, ఇదీ నీ నంబరు, నీ పైన ఉన్నది వీళ్లు అని చూపించిన చోట మనుషులు కోపంగా ఉన్నారు గానీ ఒకరినొకరు అనుమానించుకోలేదు. జాబితా బీరువాలో పెట్టిన చోట పక్క కుర్చీ వాడి మీదే అనుమానం, వాడెవడి కాళ్లు పట్టుకున్నాడో అని. పోస్టింగులు సర్దుకున్నాక కూడా ఆ మాటలు పోలేదు.

కాబట్టి హైదరాబాద్‌కు ఇయ్యాల్నే ఫోన్ చెయ్, రాతలోనూ అడుగు. ఎంచే లెక్క ఏంది? చేరిన తేదీనా, వసూళ్ల శాతమా, రెండూనా? మూడు పోస్టులు పదిహేడు మందిలోంచి తీస్తారా, లక్షెట్టిపేట ఆరుగురిలోంచే తీస్తారా? ఇది చిన్న ప్రశ్న కాదు. పదిహేడులోంచి అయితే మంచిర్యాల వాళ్లూ వినాలి. ఆరుగురిలోంచి అయితే ఆరుగురిలో సగం మంది పోతారు, అది వాళ్లకు సూటిగా చెప్పాలి. లెక్క ఇంకా తేల్చలేదని వాళ్లంటే, ఎప్పుడు తేలుస్తారో అడిగి ఆ తారీఖే రాయి.

ఇంకొక మాట, ఇది నీకు ఎవరూ చెప్పరు. పోస్టు పోయే ముగ్గురి చేత రాజీనామా రాయించమని పై నుంచి నీకు నోటిమాటగా రావచ్చు. "మర్యాదగా ఉంటుంది, రికార్డు మంచిగుంటది" అంటారు. పైలం బిడ్డా. తీసేయడం వేరు, రాజీనామా వేరు. చట్టం దృష్టిలో కార్మికుడి కిందికి వచ్చే మనిషిని, ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసినవాణ్ని, పోస్టు లేదని తీసేస్తే నెల ముందు నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం పరిహారం ఇవ్వాలి. తొమ్మిదేళ్ల మనిషికి అది దాదాపు నాలుగున్నర నెలల జీతం. రాజీనామా రాసిస్తే ఈ పరిహారం అడిగే హక్కు చేజారుతుంది. మీ లోన్ ఆఫీసర్లు ఆ నిర్వచనం కిందికి వస్తారా రారా అన్నది పదవి పేరును బట్టి కాదు, చేసే పనిని బట్టి తేలుతుంది. దాని మీద వాదం నడవొచ్చు. ఆ వాదం నువ్వు తీర్చనక్కర్లేదు. "నా దగ్గర ఎవరూ రాజీనామా కాగితం తీసుకోరు, ఎవరైనా అడిగితే సంతకం పెట్టే ముందు కార్మిక శాఖ ఆఫీసులో కనుక్కోండి" అని నోటితో చెప్తే చాలు. రాతలో పెట్టగలవా లేదా అన్నది నీ ధైర్యం.

గ్రాట్యుటీ మాత్రం రెండు దారుల్లోనూ ఉంటుంది, ఐదేళ్లు నిండితే. దాని లెక్క నువ్వే వేసి చూపించు. చివరి నెల మూలవేతనం, డీఏ కలిపి 13,000 అనుకుందాం. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. తొమ్మిదేళ్లకు 67,500. మనిషి చేతిలో ఆ అంకె పడితే ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. "కంపెనీ నిబంధనల ప్రకారం అన్ని ప్రయోజనాలూ అందుతాయి" అని నువ్వు రాసిన వాక్యంతో ఎవరికీ నిద్ర పట్టదు. పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో కూడా ఇప్పుడే చూడమను. మన దిక్కు ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట ఉంటుంది. ఒక అక్షరం తేడా ఉంటే సవరణకు కొందరి విషయంలో యజమాని ఆమోదం కావాల్సి రావచ్చు. మనిషి కొలువులో ఉన్నప్పుడు ఆ పని నీ టేబుల్ దగ్గరే అయిపోతుంది. పోయాక అదే పనికి ఎన్నిసార్లు తిరుగుతాడో.

ఎప్పుడు చెప్పాలని అడిగావు. బతుకమ్మ అయ్యాక చెప్దామా, పండుగ పూట మనసు పాడు చేయడం ఎందుకు అన్నావు. నీ మనసు మంచిది గానీ లెక్క తప్పు. పండుగకు ముందే మనుషులు ఖర్చు పెడతారు. ఆడపిల్లలకు బట్టలు, అల్లుడికి పెట్టుపోతలు, కొందరు కొత్త బండికి డౌన్ పేమెంట్ కూడా కడతారు. దసరా అయిన తెల్లారి నువ్వు చెప్తే, "ఈమెకు నెల కిందనే తెలుసు, నేను అప్పు తెస్తుంటే చూస్తూ ఊరుకున్నది" అన్న మాట పడుతుంది, అది న్యాయమైన మాటే. మనసు ఎట్లాగూ పాడవుతుంది. చేతిలో డబ్బైనా మిగలనియ్. సోమవారమే చెప్పు. శనివారం సాయంత్రం మాత్రం వద్దు. ఆదివారమంతా ఒంటరిగా ఇంట్లో కూర్చుని, అడగడానికి ఎవరూ లేక, ఆగమవుతారు.

వరుస కూడా చూసుకో. పొద్దున షట్టర్ ఎత్తకముందు లక్షెట్టిపేటలో ఆరుగురికి ఎదురుగా చెప్పు. అక్కడి నుంచి బెల్లంపల్లి పోవాలి. మధ్యలో మంచిర్యాల వస్తుంది కాబట్టి అక్కడ ఆగి చెప్పి పోతే తొవ్వ కలిసొస్తుంది. మూడు చోట్లా చెప్పడం అయ్యాకే వాట్సాప్ గ్రూపులో రాత పెట్టు. ఒక చోట చెప్పగానే మిగతా రెండు చోట్లకు ఫోన్లు పోతాయి, ఆపలేవు. అందుకే మధ్యాహ్నం లోపే మూడూ అయిపోవాలి. గ్రూపులో ముందు పెట్టి తర్వాత కలుస్తానంటే మాత్రం, బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నీకన్నా ముందే వాళ్లకు వివరణ ఇచ్చేస్తుంది.

ఇక రాత. నేను నీ మాటలే తీసుకుని ఇట్లా కూర్చాను. నచ్చకపోతే మార్చుకో, వరుస మాత్రం మార్చకు.

"అందరికీ నమస్కారం. లక్షెట్టిపేట బ్రాంచి డిసెంబర్ 31తో మూతపడుతోంది. మన మూడు చోట్లా కలిపి ఇప్పుడున్న పదిహేడు పోస్టులు జనవరి 1 నుంచి పద్నాలుగు అవుతాయి. రెండు లోన్ ఆఫీసర్ పోస్టులు, ఒక క్యాషియర్ పోస్టు ఉండవు. ఈ నిర్ణయం అయిపోయింది, మారుతుందని నేను అనుకోవడం లేదు. లక్షెట్టిపేటలో కొత్త లోన్లు రెండేళ్లుగా తగ్గుతున్నాయని, అద్దె, ఖర్చులు గిట్టడం లేదన్నది కంపెనీ చెప్పిన కారణం.

డిసెంబర్ జీతం వరకు ఎవరి జీతంలోనూ మార్పు లేదు. బెల్లంపల్లిలో జనవరి నుంచి వసూళ్ల కేంద్రం మాత్రమే ఉంటుంది. మళ్లీ పూర్తి బ్రాంచి అవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ముగ్గురు ఎవరన్నది నాకు తెలియదు. హైదరాబాద్ ఆఫీసు అక్టోబర్ 30 లోపు చెప్తానంది. ఎంచే పద్ధతి ఏమిటని రాతపూర్వకంగా అడిగాను. జవాబు వచ్చిన రోజే ఈ గ్రూపులో పెడతాను. మంచిర్యాలకు గానీ వేరే బ్రాంచికి గానీ పోవడానికి ఇష్టం ఉన్నవాళ్లు, పోలేని కారణం ఉన్నవాళ్లు అక్టోబర్ 5 లోపు నాకు ఒక కాగితం మీద రాసివ్వండి. మీ మాట నేను ముందుకు పంపుతాను. నిర్ణయం నాది కాదు.

పెట్రోలు ఖర్చు సంగతి అడిగాను, జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ అడుగుతాను. జవాబు రాకపోతే రాలేదని ఆ సాయంత్రమే చెప్తాను.

ప్రతి సోమవారం సాయంత్రం ఐదింటికి కొత్త సంగతి ఉన్నా లేకున్నా ఇక్కడ రాస్తాను. మంగళవారం లక్షెట్టిపేటలో, గురువారం బెల్లంపల్లిలో, శుక్రవారం మంచిర్యాలలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కూర్చుంటాను. ఒక్కొక్కరుగా రండి. గ్రాట్యుటీ ఎంత వస్తుందో లెక్క వేసి ఇస్తాను, పీఎఫ్ వివరాలు సరిచూద్దాం. వేరే కొలువు కోసం ఇంటర్వ్యూకు పోవాల్సి వస్తే ముందు రోజు చెప్పండి, సెలవు నేను ఇస్తాను. అనుభవ పత్రం ఎవరు అడిగినా మూడు రోజుల్లో ఇస్తాను.

నా పోస్టు సంగతి కూడా మీరు అడుగుతారు. పద్నాలుగులో నా పోస్టు ఉంది. ఆ మాట మీ ముందు దాచడం సరికాదు."

చివరి పేరా చూసి నువ్వు ఉలిక్కిపడతావు. ఉండనియ్. పదిహేడు మందిలో మొదట అడిగే ప్రశ్న అదే, నోటితో మాత్రం అడగరు. నీ కుర్చీ భద్రంగా ఉందని వాళ్లకు వేరే ఎవరో చెప్తే, నువ్వు రాసిన మిగతా తొమ్మిది నిజాలూ చప్పబడిపోతాయి.

ఎదురుగా చెప్పేటప్పుడు ఈ కాగితం చదవకు. మొదటి మూడు వాక్యాలు చూసుకోకుండా చెప్పి ఆగిపో. చాలాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం భరించలేక ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది, అప్పుడే నోటి నుంచి "ఏం కాదులే" వస్తుంది. నాకు అట్లనే వచ్చింది. ఒకరికి కోపం వస్తుంది, రానియ్. ఒకరు నవ్వుతారు, వాళ్లకు తొందరగా ఫోన్ చెయ్, మంగళవారం దాకా ఆగకు. ఒకరు బ్రాంచి లెక్కలు ఎట్లా తప్పో వివరిస్తారు. వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు, రాసుకో. కానీ పైవాళ్లను తిట్టి వాళ్ల పక్షాన చేరినట్టు మాట్లాడకు. ఆ పూట బాగానే ఉంటుంది. అక్టోబర్ 30న అదే పైవాళ్ల జాబితా నువ్వే చదివి వినిపించాలి కదా.

ఆ అక్టోబర్ 30కి కూడా ఇప్పటి నుంచే సిద్ధం కావాలి. ఆ ముగ్గురికీ ముందు, విడివిడిగా, తలుపు వేసిన గదిలో, ఒక్కొక్కరికి అరగంటకు తక్కువ కాకుండా. చేతిలో మూడు కాగితాలు ఉండాలి: చివరి రోజు తారీఖు, చేతికొచ్చే డబ్బు లెక్క, నీ ఫోన్ నంబర్ రాసిన అనుభవ పత్రం. మిగతా పద్నాలుగు మందికి అదే రోజు సాయంత్రం. ఆ ముగ్గురి పేర్లు గ్రూపులో పెట్టకు, వాళ్లు చెప్పుకుంటే చెప్పుకోనియ్. జాబితా తారీఖు హైదరాబాద్ వాళ్లు జరిపితే, జరిపారని ఆ రోజే రాయి, కొత్త తారీఖు అడిగి రాయి. 2016లో ముసాయిదా పటం మారినట్టే మీ పద్నాలుగు కూడా పదిహేనో పదమూడో కావచ్చు. అందుకే రాతలో "మారుతుందని నేను అనుకోవడం లేదు" అన్నాను, "మారదు" అనలేదు. ఆ తేడా అట్లనే ఉంచు.

మన సిరిసిల్ల జూనియర్ అసిస్టెంట్ ముచ్చట మధ్యలో ఆపాను. పోయినేడు కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కలిసింది, పిల్లాడు నా అంత పొడుగు ఎదిగాడు. "సార్, మీరు ఆర్నెల్లు అన్నరు యాదికున్నదా?" అని నవ్వింది. యాదికే ఉన్నది అన్నాను. అంతకంటే మాట రాలేదు. పిల్లాడు బస్సొచ్చిందని చెయ్యి గుంజితే పోయింది.

ఆదివారం రాత్రి నాకు ఒకసారి ఫోన్ చెయ్, ఆ మూడు వాక్యాలు నాకు చెప్పి చూసుకుందువు గానీ. సోమవారం లక్షెట్టిపేటకు కంపెనీ కారులో కాకుండా బస్సులో పో. జనవరి నుంచి ఆ ఆరుగురిలో మిగిలినవాళ్లు రోజూ తిరగాల్సిన తొవ్వ అదే. ఎంతసేపు పట్టిందో, ఎంత టికెట్టు అయ్యిందో రాసుకుని, పెట్రోలు ముచ్చట మళ్లీ అడిగేటప్పుడు ఆ అంకెతో అడుగు.

నీ పెద్దబాపు